ఎదురుగా పరిగెత్తి వచ్చే పిల్లల ఫోటో షార్ప్‌గా రావాలంటే

ప్రశ్న: "మా పాపకి ఐదేళ్లు. నా వైపు పరిగెత్తుకుంటూ వస్తుంటే ఎన్ని ఫోటోలు తీసినా ఒక్కటీ షార్ప్‌గా రావట్లేదు. ఎంట్రీ లెవెల్ మిర్రర్‌లెస్ కెమెరా, 55-200 జూమ్, 50 ఎంఎం f/1.8 ఉన్నాయి. ఎక్కువగా 50 తోనే తీస్తున్నాను. బర్స్ట్‌లో పెట్టి వరసగా కొట్టినా అన్నీ మసకే. షట్టర్ స్పీడ్ పెంచితే సరిపోతుందా? త్వరలో స్కూల్లో ఆటల పోటీలు కూడా ఉన్నాయి."

సమాధానం:

షట్టర్ జోలికి వెళ్లే ముందు ఆ మసక దేనివల్ల వచ్చిందో చూడండి. పాడైన ఫోటోని కంప్యూటర్లో నూరు శాతం జూమ్ చేసి, పాప మొహం కన్నా ముందు నేలని చూడండి. పాపకి కాస్త వెనక గడ్డిపోచలు దేనికవి విడివిడిగా కనిపిస్తూ, మొహం మాత్రం మెత్తగా ఉందంటే ఫోకస్ తప్పింది. అలాంటప్పుడు షట్టర్ 1/4000 పెట్టినా లాభం లేదు. మొహం ఫర్వాలేదు గానీ చేతులు, పాదాలు, జుట్టు ఒక దిక్కుగా సాగిపోయినట్టు ఉంటే అది కదలిక, అంటే షట్టర్ చాల్లేదు. పాప, నేల, వెనక చెట్లు అన్నీ ఒకే దిక్కుకి జరిగినట్టు రెండేసి అంచులతో కనిపిస్తే కదిలింది మీ చెయ్యి. మూడూ కంటికి "బ్లర్"లాగే అనిపిస్తాయి కానీ మూడింటికీ మందు వేరు.

ఎదురుగా వచ్చే పిల్లలు, పైగా f/1.8 అంటున్నారు కాబట్టి మీది ఎక్కువగా ఫోకస్ సమస్యే అయ్యుంటుంది. లెక్క చూస్తే ఎందుకో తెలుస్తుంది. ఏపీఎస్-సీ సెన్సర్ కెమెరాకి 50 ఎంఎం లెన్స్ పెట్టి, f/1.8 దగ్గర, మూడు మీటర్ల దూరంలో ఫోకస్ చేస్తే షార్ప్‌గా కనిపించే లోతు మొత్తం కలిపి 26 సెంటీమీటర్లే. అంటే ఫోకస్ చేసిన చోటుకి ముందు ఒక పదమూడు, వెనక ఒక పదమూడు. ఐదేళ్ల పిల్ల హుషారుగా పరిగెడితే సెకనుకు మూడు మీటర్లు సులువుగా దాటుతుంది. ఆ 13 సెంటీమీటర్లు దాటడానికి తనకి సెకనులో ఇరవయ్యో వంతు కూడా పట్టదు. మీరు ఫోకస్ అయిన బీప్ విని బటన్ నొక్కేసరికే పావు సెకను పోతుంది, ఈలోపు పాప ముప్పావు మీటరు ముందుకి వచ్చేసి ఉంటుంది. ఒకసారి ఫోకస్ చేసి అక్కడే ఆగిపోయే మోడ్‌లో, అంటే AF-S లేదా ONE SHOT లో, ఇది జరిగే పని కాదు. బర్స్ట్ పెట్టినా ఆ మోడ్‌లో ముప్ఫై ఫోటోలూ మొదటి ఫోటో దూరం దగ్గరే ఫోకస్ అయ్యి ఉంటాయి. మీ వరసలో మొదటిది కొంచెం బాగుండి, తర్వాతవి ఒకదాన్ని మించి ఒకటి మెత్తబడుతూ పోయాయా? అయితే మోడ్ మార్చడం మర్చిపోయినట్టే.

కాబట్టి మొదటి మార్పు ఫోకస్ మోడ్. సోనీ, నికాన్, ఫ్యూజీల్లో దాని పేరు AF-C, కెనాన్‌లో SERVO. ఇందులో బటన్ సగం నొక్కి ఉంచినంతసేపూ కెమెరా దూరాన్ని కొలుస్తూనే ఉంటుంది. కొలిచి ఊరుకోదు, పాప ఎంత వేగంతో దగ్గరవుతోందో లెక్కేసుకుని, షట్టర్ తెరుచుకునే క్షణానికి తను ఎక్కడ ఉంటుందో అక్కడికి లెన్స్‌ని ముందే జరుపుతుంది. ఆ అంచనా కుదరాలంటే దానికి కొన్ని కొలతలు చేతిలో ఉండాలి. చాలామంది దెబ్బ తినేది ఇక్కడే: పాప ఫ్రేమ్ నిండేదాకా ఆగి, అప్పుడు ఒక్కసారిగా బటన్ పూర్తిగా నొక్కేస్తారు. కెమెరా ఇంకా పాపని వెతుక్కుంటూ ఉండగానే మూడు నాలుగు ఫ్రేములు అయిపోతాయి. అలా కాకుండా మీకు కావలసిన చోటుకి పాప రావడానికి ఒక సెకను ముందే సగం నొక్కి పట్టుకోండి. వ్యూఫైండర్‌లో ఫోకస్ గడి పాప మీద అతుక్కుని తనతోపాటు కదలడం చూశాకే పూర్తిగా నొక్కండి.

ఫోకస్ ఏరియా విషయంలో, మీ కెమెరాకి కన్ను లేదా మొహం గుర్తుపట్టే సదుపాయం ఉంటే అది ఆన్ చేసి, ఫ్రేమ్ మధ్యలో ఓ మోస్తరు పెద్ద జోన్ పెట్టుకోండి. ఫ్రేమ్ మొత్తం వదిలేస్తే దగ్గర్లో ఉన్న ఇంకో పిల్లాడి మొహం దొరికినా కెమెరా అటు పోవచ్చు. ఒకే ఒక చిన్న పాయింట్ పెడితే, ఎగురుతూ దూకుతూ వచ్చే పిల్ల మీద దాన్ని నిలబెట్టడం మీ వల్ల కాదు. అది జారి వెనక గోడ మీద పడిందా, ఫోకస్ కూడా గోడ మీదకే పోతుంది. మొహం గుర్తుపట్టడం పాత మోడళ్లలో అంత నమ్మదగ్గది కాదు. జుట్టు మొహం మీద పడినా, పాప తల వంచినా వదిలేస్తుంది. అలా వదిలేస్తోందని గమనిస్తే మొహం సంగతి మానేసి, జోన్‌ని ఛాతీ మీద ఉంచండి. చొక్కా మీద గీతలో బొమ్మలో ఉంటే కెమెరాకి అది మంచి పట్టు. f/5.6 దగ్గర ఛాతీకి, కంటికి మధ్య తేడా లెక్కలోకి రాదు.

ఇంకో సంగతి, మోకాళ్ల మీద కూర్చోండి. నిలబడి పైనుంచి తీస్తే పాప వెనక కనిపించేది తనకి రెండడుగుల దూరంలో ఉన్న నేల. పాపకీ నేలకీ దూరంలో పెద్దగా తేడా లేకపోవడంతో కెమెరా తడబడుతుంది. పాప కళ్ల ఎత్తుకి దిగితే వెనక ఉండేది ఎక్కడో దూరంగా ఉన్న చెట్టో గోడో అవుతుంది, పాపని విడదీసి పట్టుకోవడం కెమెరాకి తేలిక. ఫోటో కూడా అందంగా వస్తుంది, అది వేరే మాట.

ఇప్పుడు లెన్స్ సంగతి. ఈ పనికి మీ 50 ని పక్కన పెట్టి 55-200 తీయమంటాను. f/1.8 ఉన్న లెన్స్ వదిలి f/5.6 జూమ్ వాడమనడం వింతగా అనిపించొచ్చు. కారణం చెబుతాను. ఫ్రేమ్‌లో పాప ఒకే సైజులో ఉన్నప్పుడు, అపెర్చర్ కూడా ఒకటే అయితే, ఏ లెన్స్‌తో తీసినా షార్ప్‌గా ఉండే లోతు దాదాపు ఒకటే. దూరం వెళ్లి జూమ్ చేస్తే లోతు పెరగదు, తగ్గదు. పెరిగేది మీకు దొరికే సమయం. 50 ఎంఎం తో కెమెరా నిలువుగా పట్టుకుంటే, పాప ఫ్రేమ్‌లో సగం ఎత్తు ఉండే దూరం నుంచి ఫ్రేమ్ నిండే దూరం వరకు తను పరిగెత్తేది రెండున్నర మీటర్లే, అంటే సెకను కూడా లేదు. అదే 100 ఎంఎం దగ్గర పది మీటర్ల నుంచి ఐదు మీటర్ల దాకా ఉంటుంది. ఐదు మీటర్లు, సెకనున్నర పైనే. కెమెరా తేరుకోవడానికి, మీరు ఫ్రేమ్ సర్దుకోవడానికి ఆ కాస్త ఎక్కువ సమయమే పెద్ద తేడా.

దగ్గరికి వచ్చేకొద్దీ లెన్స్ పడే కష్టం ఎలా పెరుగుతుందో కూడా తెలుసుకోవాలి. పాప పదో మీటరు నుంచి తొమ్మిదో మీటరుకి రావడానికీ, మూడో మీటరు నుంచి రెండో మీటరుకి రావడానికీ పట్టే సమయం ఒకటే. కానీ అదే లెన్స్‌లో ఫోకస్ జరగవలసిన దూరం రెండో సందర్భంలో పదిహేను రెట్లు ఎక్కువ. కిట్ లెన్స్ మోటార్లు చివరి రెండు మూడు మీటర్లలో చేతులెత్తేసేది అందుకే. మీ వరసలో చివరి మూడు నాలుగు ఫోటోలే పోతున్నాయంటే మీ తప్పు కాదు, కెమెరా పాడైపోనూ లేదు. అక్కడ ఆశ పెట్టుకోకుండా నాలుగైదు మీటర్ల దగ్గరే నొక్కడం ఆపేయండి.

అన్నట్టు, పిల్లలు కెమెరా దగ్గరికి రాగానే బ్రేక్ వేస్తారు. కెమెరా మాత్రం పాప అదే వేగంతో వస్తుందనుకుని లెన్స్‌ని ఇంకా దగ్గరికి జరిపేస్తుంది. మొహం ముందు ఉన్న గాలి మీద ఫోకస్ అయిన ఫోటోలు ఇలాగే వస్తాయి. ఇంట్లో ఇంకెవరినైనా మీ వెనక నాలుగు మీటర్ల దూరంలో నిలబెట్టి "ఇటు రా" అని పిలవమనండి. పాప మిమ్మల్ని దాటుకుని పోతుంది కాబట్టి మీ ముందు వేగం తగ్గదు, చూపు కూడా మీ వైపే ఉంటుంది.

షట్టర్ స్పీడ్‌కి వద్దాం. సెకనుకు మూడు మీటర్ల వేగంతో అడ్డంగా వెళ్లే పాప 1/250 సెకనులో 12 మిల్లీమీటర్లు కదులుతుంది, 1/1000 లో 3 మిల్లీమీటర్లు. పాప ఫ్రేమ్ నిండా ఉన్న 24 మెగాపిక్సెల్ ఫోటోలో ఆ 12 మిల్లీమీటర్లు దాదాపు అరవై పిక్సెళ్ల గీత, 3 మిల్లీమీటర్లు పదిహేను పిక్సెళ్లు. మొదటిది ఫోన్ స్క్రీన్ మీద కూడా తెలిసిపోతుంది, రెండోది జూమ్ చేస్తే గానీ తెలియదు. ముందుకు విసిరే పాదం శరీరం కన్నా దాదాపు రెట్టింపు వేగంతో వెళ్తుంది కాబట్టి పాదం దగ్గర ఈ లెక్కలు రెండింతలు చేసుకోండి. ఎదురుగా వచ్చేటప్పుడు అడ్డంగా జరగడం తక్కువ, తల పైకీ కిందకీ ఊగడం, చేతులు ఆడటమే ఎక్కువ. అందుకని ఎదురుగా వస్తుంటే మొహానికి 1/500 తో నెట్టుకురావచ్చు, చేతులు కూడా ఆగినట్టు కనిపించాలంటే 1/1000. దగ్గర్లో అడ్డంగా దూసుకుపోయే పిల్లలకి 1/1600 పెట్టండి. లెన్స్ మీదో కెమెరాలోనో ఉండే స్టెబిలైజేషన్ మీ చేతి వణుకుని ఆపుతుందే తప్ప పాప కాలిని ఆపలేదు, దాన్ని నమ్ముకుని 1/125 లో తీయకండి.

ఇంత షట్టర్ పెడితే వెలుతురు సరిపోతుందా అంటే, ఆరుబయట సరిపోతుంది. మధ్యాహ్నం ఎండలో f/5.6, 1/1000 కి ఐఎస్‌ఓ 100 చాలు. నీడలోకి వెళ్తే 800 దాకా పోతుంది, సూర్యుడు దిగిపోయే వేళకి 1600, 3200. మాన్యువల్ మోడ్‌లో షట్టర్, అపెర్చర్ మీరు పెట్టేసి ఐఎస్‌ఓని ఆటోలో వదిలేయండి. 3200 దగ్గర గింజలు గింజలుగా కనిపించే నాయిస్ గురించి చాలామంది టెన్షన్ పడతారు. నాయిస్‌ని తర్వాత సాఫ్ట్‌వేర్‌లో చాలావరకు తగ్గించుకోవచ్చు, సాగిపోయిన మొహాన్ని మళ్లీ తేలేం.

బర్స్ట్‌లో మెనూ చదవకపోతే దొరికిపోయే గుంట ఒకటుంది. కొన్ని కెమెరాల్లో అన్నిటికన్నా వేగమైన బర్స్ట్‌లో ఫోకస్ మొదటి ఫ్రేముకే ఆగిపోతుంది. ఉదాహరణకి కెనాన్ EOS M50 సెకనుకు 10 ఫోటోలు తీసేది ఫోకస్ లాక్ అయినప్పుడే. ఫోకస్ వెంటాడుతూ ఉంటే 7.4 మాత్రమే. అట్ట మీద పెద్ద అంకె చూసి ఆ మోడ్ పెడితే AF-C పెట్టిన ఫలితం ఉండదు. పైగా టాప్ స్పీడ్‌లో కొన్ని మోడళ్లు వ్యూఫైండర్‌లో అప్పుడే తీసిన ఫోటోలు చూపిస్తాయే గానీ ఎదురుగా జరుగుతున్నది చూపించవు. పాప పక్కకి తిరిగితే మీకు తెలిసేసరికి ఫ్రేమ్ దాటిపోయి ఉంటుంది. అందుకే ఒక మెట్టు కిందున్న స్పీడే, సాధారణంగా H లేదా Mid అని ఉంటుంది, నాకు నచ్చుతుంది. సైలెంట్ మోడ్, అదే ఎలక్ట్రానిక్ షట్టర్, వద్దు. మామూలు సెన్సర్లు ఫోటోని పైనుంచి కిందికి వరసలుగా చదువుతాయి. ఆ చదివే లోపు కదిలిపోయిన కాలు వంకరగా, బ్యాట్ విల్లులా వంగి వస్తాయి. మెకానికల్ షట్టర్‌లో ఉంచండి.

ఎంట్రీ కెమెరాల్లో బఫర్ చిన్నది. RAW లో నొక్కి పట్టుకుంటే రెండు మూడు సెకన్లకే నిండిపోయి కెమెరా నత్తనడక నడుస్తుంది. సరిగ్గా మంచి క్షణానికి అది జరిగితే ఒళ్లు మండుతుంది. పాప దూరంగా ఉన్నప్పుడే మొదలుపెట్టి దగ్గరికి వచ్చేదాకా నొక్కకుండా, కావలసిన సెకనున్నర మాత్రమే నొక్కండి. స్కూల్ పోటీల్లాంటి చోట JPEG కి మారిపోవడమూ తప్పేం కాదు, వరస చాలా పొడుగ్గా సాగుతుంది.

ఇవన్నీ కలిపి ఒకసారి చేసి చూపిస్తాను. సాయంత్రం మైదానం, నీడ. కెమెరా నిలువుగా, మీరు మోకాళ్ల మీద. లెన్స్ 100 ఎంఎం దగ్గర, f/5.6, 1/1000, ఆటో ఐఎస్‌ఓ (సుమారు 800 చూపిస్తుంది), AF-C, మధ్యలో జోన్, సెకనుకు 8 ఫోటోలు. పాపని పదిహేను మీటర్ల అవతల నిలబెట్టి, మీ వెనకున్న మనిషిని పిలవమనండి. పాప బయల్దేరి రెండడుగులు వేయగానే సగం నొక్కి పట్టుకోండి. పది మీటర్ల దగ్గర ఒక గుర్తు, ఐదు మీటర్ల దగ్గర ఇంకో గుర్తు ముందే పెట్టుకోండి, చెప్పులైనా సరే. మొదటి గుర్తు దగ్గర పూర్తిగా నొక్కి, రెండో గుర్తు దగ్గర వదిలేయండి. పదమూడు ఫోటోల దాకా వస్తాయి. మొదట్లో, ఎనిమిది మీటర్ల దగ్గర, షార్ప్‌గా ఉండే లోతు 1.4 మీటర్లు కాబట్టి కెమెరా కాస్త తడబడినా చెల్లిపోతుంది. చివర్లో ఐదు మీటర్ల దగ్గర అది 56 సెంటీమీటర్లకి పడిపోతుంది, అసలు పరీక్ష అక్కడే.

ఇప్పుడు ఆ పదమూడింటినీ వరసలో పెట్టి కళ్ల దగ్గర జూమ్ చేసి చూడండి. మొదటి రెండు మెత్తగా ఉండి తర్వాత కుదురుకుంటే సగం నొక్కడం ఆలస్యమైంది. ఒకటి షార్ప్, ఒకటి మెత్తన, మళ్లీ ఒకటి షార్ప్ అన్నట్టు వస్తుంటే జోన్ పాప మీద నిలబడటం లేదు, వెనక్కీ ముందుకీ ఊగుతోంది. జోన్ సైజు మార్చి చూడండి. మెనూలో AF-C కి ఫోకస్ ముఖ్యమా, రిలీజ్ ముఖ్యమా అని అడిగే సెట్టింగ్ కొన్ని కెమెరాల్లో ఉంటుంది. అది రిలీజ్ మీద ఉంటే ఫోకస్ కుదిరినా కుదరకపోయినా ఫోటో తీసేస్తుంది, ఫోకస్ వైపు మార్చండి. స్పీడ్ కొంచెం తగ్గినా పనికొచ్చేవి పెరుగుతాయి. అన్నీ షార్ప్‌గానే ఉండి పాదం ఒక్కటే సాగితే షట్టర్ 1/1600 చేయండి, లేదా అలాగే వదిలేయండి. నాకైతే కాస్త సాగిన పాదం ఇష్టమే, పరుగు తెలుస్తుంది. షార్ప్‌గా వచ్చినవాటిలోంచి ఏరుకునేటప్పుడు రెండు కాళ్లూ నేల విడిచిన ఫ్రేమ్ కోసం వెతకండి. పాప సెకనుకు మూడు నాలుగు అడుగులు వేస్తుంది కాబట్టి ఎనిమిది ఫోటోల వేగంలో ఒక్కో అడుగుకి రెండే దొరుకుతాయి. ఒక పరుగులో అలాంటివి మూడు నాలుగు వస్తే గొప్ప. రాకపోతే ఇంకోసారి పరిగెత్తించండి, ఆ వయసులో వాళ్లకి అలుపుండదు.

ఇంట్లో మాత్రం ఇదంతా పనిచేయదు. రాత్రి గది లైట్లలో f/5.6, 1/1000 అంటే ఐఎస్‌ఓ యాభై వేలకి అటూఇటూ అడుగుతుంది. అక్కడ మీ 50 ఎంఎం కి పని పడుతుంది: f/1.8, 1/500 దగ్గర ఐఎస్‌ఓ 2500 నుంచి 5000 మధ్యలో సరిపోతుంది. లోతు తక్కువన్న ఇబ్బంది మాత్రం అలాగే ఉంటుంది కాబట్టి గదిలో ఎదురుగా రానివ్వకండి. మీ ముందు నుంచి అడ్డంగా పరిగెత్తేలా చూసుకుంటే దూరం పెద్దగా మారదు, ఫోకస్‌కి అంత పని ఉండదు. అడ్డంగా వెళ్లేవాళ్లకి 1/500 తక్కువే, కాస్త సాగినట్టు వచ్చినా ఆ వెలుతురులో సర్దుకోవాలి.

స్కూల్ పోటీల్లో పరుగు పందేనికి పై పద్ధతే. ముగింపు గీతకి ఎదురుగా, కాస్త పక్కగా కూర్చోండి. పక్క లైన్లో పిల్లలు అడ్డు వస్తారు కాబట్టి ట్రాకింగ్ సెన్సిటివిటీ అని ఉండే సెట్టింగ్‌ని Locked on వైపు జరపండి. ఎవరైనా క్షణం అడ్డొచ్చినా కెమెరా మీ పాపనే పట్టుకుని ఉంటుంది. ఒంటరిగా పరిగెత్తేటప్పుడు దాన్ని మళ్లీ మధ్యకి తెచ్చేయండి, లేకపోతే ఫోకస్ ఒకసారి తప్పితే తిరిగి రావడానికి బద్ధకిస్తుంది.

బ్యాట్‌కి బంతి తగిలే క్షణం, కాలు బంతిని తన్నే క్షణం లాంటివి కావాలంటే బర్స్ట్ మీద భారం వేయకండి. సెకనుకు పాతిక మీటర్ల వేగంతో వచ్చే బంతి ఎనిమిది ఫోటోల బర్స్ట్‌లో రెండు ఫ్రేముల మధ్య మూడు మీటర్లు దాటిపోతుంది. ఒక దాంట్లో బంతి ఇంకా రాలేదు, తర్వాతి దాంట్లో ఫ్రేమ్‌లోనే లేదు. అక్కడ బంతిని చూడటం మానేసి ఆడేవాళ్ల భుజాన్ని చూడండి. బ్యాట్ వెనక్కి వెళ్లి భుజం ముందుకి తిరగడం మొదలవగానే నొక్కితే మీ చెయ్యి, షట్టర్ తీసుకునే ఆలస్యం దానికి సరిపోతుంది. మొదటి ఫ్రేమే తగిలే క్షణానికి దగ్గరగా పడుతుంది, వెనకాల వచ్చే రెండు మూడు అదనం. ఆట మొదలైన కాసేపటికే మీ పాప వేసే షాట్‌కి మీరు ఎంత ముందు నొక్కాలో అర్థమైపోతుంది. ప్రతిసారీ బంతి వెళ్లిపోయాక పడుతుంటే ఇంకొంచెం ముందు నొక్కండి, బ్యాట్ ఇంకా వెనకే ఉంటే కొంచెం ఆగి నొక్కండి.